ఫోటోలు తీసిన కల్యాణలక్ష్మి కరపత్రం – ఒక్క పేజీ చెక్‌లిస్టు చేయాలి, సాయం కావాలి

శైలజ, దేవరకొండ

అందరికీ నమస్కారం. నేను మా మండలంలో మహిళా సంఘాల పని చూస్తాను. మొన్న ఆఫీసుకు పోయినప్పుడు గోడకు కల్యాణలక్ష్మి, అంటే పేదింటి ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం ఇచ్చే సాయం గురించిన కరపత్రం ఒకటి కనపడింది. చేతికి ఇవ్వడానికి అదనంగా లేదన్నారు, అందుకని ఫోన్‌తో ఆరు ఫోటోలు తీసుకున్నాను. మూడు మడతల కరపత్రం, రెండు వైపులా అచ్చు ఉంది. ఆఫీసు ఆమే మేకు తీసి వెనక వైపు కూడా చూపించింది.

మా ఊళ్లో బీసీ ఇళ్లు ఎక్కువ, పక్కన రెండు తండాలు ఉన్నాయి. పెళ్లి కుదిరిన ప్రతి ఇంటివాళ్లు వచ్చి "అక్కా, మాకు వస్తదా, ఏమేం కాగితాలు కావాలె" అని అడుగుతారు. ఆరు ఫోటోలు వాట్సాప్‌లో పంపితే ఎవరూ చదవరు. ఒక్క పేజీలో "మీరు అర్హులేనా, ఏ కాగితాలు తేవాలి" అని రాసి సంఘం గదిలో అంటించాలని నా ఆలోచన. ఫోటోలు కింద పెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. వచ్చే నెలలో మా దగ్గరే ఒక పెళ్లి ఉంది, అందుకే తొందర.

నరేష్, మిర్యాలగూడ

అక్కా, ఇది పది నిమిషాల పని. నాకు ఇంటర్నెట్ సెంటర్ ఉంది, రోజూ చేస్తాను. ఫోన్‌లోనే ఫోటో మీద నొక్కితే అక్షరాలన్నీ టెక్స్ట్‌గా వస్తాయి. మీ ఆరు ఫోటోల నుంచి తీసి చిన్నగా చేశాను చూడండి:

అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి. తెలంగాణ వాళ్లు కావాలి. ఆదాయం 2,00,000 లోపు ఉండాలి. కాగితాలు: ఆధార్ (వయసుకు, చిరునామాకు), కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్, వీఆర్వో సంతకం. సాయం 1,00,116 రూపాయలు.

ప్రింటు తీసి అంటించండి.

శైలజ, దేవరకొండ

చాలా థాంక్స్ తమ్ముడూ. ఇంత త్వరగా అవుతుందనుకోలేదు.

యాదగిరి, నల్గొండ

శైలజమ్మా, అప్పుడే అంటించకండి. నేను మండల ఆఫీసులో చాలా ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను, ఈ దరఖాస్తులు వందల్లో చూశాను. నరేష్ మంచి మనసుతోనే చేశాడు. కానీ ఆ నాలుగు లైన్లలో మూడు చోట్ల తప్పు దొర్లింది. ఆ తప్పులు ఎట్లా దొర్లాయో అర్థమైతే మీరు ఏ పథకం కరపత్రానికైనా చెక్‌లిస్టు సొంతంగా రాసుకోగలరు.

మొదట ఫోటోల వరుస చూడండి. మూడు మడతల కాగితాన్ని పూర్తిగా విప్పినప్పుడు బయటి వైపు కుడి చివరది ముఖచిత్రం, మధ్యది వెనక అట్ట, ఎడమది లోపలికి మడిచే రెక్క. మీరు ఎడమ నుంచి కుడికి తీసుకుంటూ పోయారు. అందువల్ల మీ మొదటి ఫోటో ముఖచిత్రం కాదు, లోపలి రెక్క. రెండో ఫోటో, అంటే వెనక అట్ట మీద, అడుగున సన్న అక్షరాల్లో చుక్క గుర్తు పెట్టి ఒక మాట ఉంది. ఆ చుక్క ఎక్కడిదా అని వెతికితే, ఐదో ఫోటోలోని ఆదాయం పట్టికలో దొరికింది. వరుస తెలియక చదివితే ఆ రెండింటికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు.

ముందు ఫోటోలకు కరపత్రం చదివే వరుసలో 1 నుంచి 6 వరకు నంబర్లు వేయండి. తర్వాత, కుదించకుండా, ఉన్నది ఉన్నట్టుగా ఒక నోట్‌బుక్‌లో ఎత్తి రాయండి. కుదించడం దాని తర్వాతే.

నరేష్, మిర్యాలగూడ

సార్, మళ్లీ మొత్తం చేత్తో రాయడం ఎందుకు? టెక్స్ట్ వచ్చింది కదా. ఆదాయం 2 లక్షలు అని స్పష్టంగా ఉంది, నేనేమీ కల్పించలేదు.

యాదగిరి, నల్గొండ

నీవు కల్పించలేదు నాయనా, ఫోన్ కలిపేసింది. ఐదో ఫోటోలో పట్టిక చూడు. ఎడమ గడిలో కులం, మధ్య గడిలో గ్రామీణ, కుడి గడిలో పట్టణ. ఫోన్ గడులు చూడదు, లైను వెంట అడ్డంగా చదువుకుంటూ పోతుంది. పైగా మడత నీడ సరిగ్గా మధ్య గడి మీద పడింది. అందువల్ల కుడి గడిలోని 2,00,000 ఒక్కటే స్పష్టంగా వచ్చింది. మధ్యదాన్ని పెద్దది చేసి చూస్తే బీసీ, ఈబీసీ వరుసలో గ్రామాల వారికి 1,50,000 అని కనిపిస్తుంది. 2,00,000 పట్టణం వారికి. ఎస్సీ, ఎస్టీలకు మాత్రం రెండు గడుల్లోనూ 2,00,000.

ఇక ఆ చుక్క గుర్తు మాట: "తల్లిదండ్రులిద్దరి వార్షిక ఆదాయం కలిపి". ఇది లేకుండా "ఆదాయం" అని మాత్రమే రాస్తే ఇంటాయన తన సంపాదన ఒక్కటే లెక్క వేసుకుంటాడు.

శైలజమ్మ ఊరికే పెట్టి చూద్దాం. బీసీ ఇల్లు, గ్రామం. తండ్రికి ఏడాదికి 1,20,000, తల్లి కూలికి పోయి తెచ్చేది 48,000. కలిపితే 1,68,000. నరేష్ రాసిన కాగితం ప్రకారం వాళ్లు అర్హులు. కరపత్రం ప్రకారం కారు. అదే ఆదాయం ఉన్న తండా ఇల్లు మాత్రం అర్హులు. గోడ మీద ఒకే అంకె రాస్తే ఈ ఇద్దరిలో ఒకరిని తప్పుదోవ పట్టించినట్టే.

నరేష్, మిర్యాలగూడ

ఇప్పుడు పెద్దగా చేసి చూశాను సార్. మీరు చెప్పింది నిజమే, మధ్య గడి నాకు అసలు రాలేదు. మా సెంటర్‌లో ఇంకో పథకం పట్టికలు కూడా ఇట్లనే తీసి ఇచ్చాను. అవన్నీ ఈరోజే మళ్లీ చూసుకుంటాను.

బాలస్వామి, అచ్చంపేట

మా బిడ్డ పెళ్లి అయ్యి ఏడు నెలలు. దరఖాస్తు పెట్టినం, చెక్కు ఇంకా రాలేదు. తులం బంగారం కూడా ఇస్తామన్నారు కదా, అది ఈ కరపత్రంలో ఉందా? మా ఇంట్లో పాత కాగితం ఒకటి ఉంది, దాంట్లో 75,116 అని ఉంది. ఏది నిజం?

యాదగిరి, నల్గొండ

బాలస్వామీ, చెక్కు సంగతి మీ తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు నంబరు చెప్పి అడగాలి. దరఖాస్తు అక్కడ పరిశీలన అయ్యి, ఎమ్మెల్యే సంతకం, ఆర్డీవో మంజూరు దాటాక చెక్కు వస్తుంది. మీది ఏ మెట్టు మీద ఆగిందో వాళ్లే చెప్తారు. బంగారం మాట 2023 ఎన్నికల హామీ. ఈ కరపత్రంలో లేదు, కాబట్టి ఈ చెక్‌లిస్టులో రాయకూడదు.

కానీ మీ పాత కాగితం మంచి సంగతి గుర్తు చేసింది. కరపత్రం మీద అచ్చువేసిన తేదీ లేకపోయినా అది ఏ కాలందో పట్టుకోవచ్చు. పథకం 2014 అక్టోబర్ 2న మొదలైనప్పుడు సాయం 51,000. 2017లో 75,116 చేశారు. 2018 మార్చిలో 1,00,116 అయింది. కాబట్టి మీది 2017కీ 2018 మార్చికీ మధ్యది. శైలజమ్మ ఫోటోల్లో 1,00,116 ఉంది, అంటే 2018 తర్వాతిది. అందులోనే వీఆర్వో ధ్రువీకరణ కావాలని కూడా ఉంది. వీఆర్వో ఉద్యోగాలను 2020లో రద్దు చేశారు. అంటే గోడ మీది కరపత్రం 2018కీ 2020కీ మధ్య అచ్చైంది.

శైలజ, దేవరకొండ

అయ్యో, అంటే ఇది కనీసం ఐదేళ్ల కిందటిదా! గోడకు ఉంది కదా, ఇప్పటిదే అనుకున్నాను. మరి మొత్తం పనికిరాదా సార్?

యాదగిరి, నల్గొండ

మొత్తం పారేయనక్కరలేదు. వీఆర్వో అని ఉన్నచోట మాత్రం మీరు సొంతంగా ఇంకో పేరు రాయకండి. ఊళ్లో విచారణ కాగితం మీద ఎవరు సంతకం పెడుతున్నారో ఈ వారం ఆఫీసులో అడిగి, వాళ్లు చెప్పిన మాట రాయండి. అలాగే ఆదాయం అంకెలు, సాయం అంకె రెండూ అడిగి, అడిగిన తేదీని చెక్‌లిస్టు అడుగున వేయండి. ఏడాది తర్వాత చదివేవాళ్లకు ఆ తేదీ కావాలి.

రజియా, మహబూబ్‌నగర్

మాది మైనారిటీలకు ఇచ్చే షాదీ ముబారక్ కేసు. కాగితాల వరుస దాదాపు ఇదే. మా చెల్లి పెళ్లయింది, దరఖాస్తు పెట్టాలి. ఈ కరపత్రంలో "వధువు తల్లి బ్యాంకు పాస్‌బుక్" అని ఉంది. మా అమ్మ చనిపోయి మూడేళ్లయింది. నాన్న ఉన్నారు. అప్పుడు ఎవరి పాస్‌బుక్ పెట్టాలి? ఒకచోట నాన్నది చాలన్నారు, ఇంకోచోట అమ్మ మరణ ధ్రువీకరణ పత్రం కూడా జత చేయాలన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

యాదగిరి, నల్గొండ

అమ్మా, చెక్కు తల్లి పేరున ఇస్తారు కాబట్టి ఆ మాట అట్లా రాశారు. తల్లి లేని ఇంటికి ఏం చేయాలో ఈ ఆరు ముఖాల్లో ఎక్కడా లేదు. నేను ఊహించి చెప్తే మీరు ఇంకోసారి తిరగాల్సి వస్తుంది. మరణ ధ్రువీకరణ పత్రం జిరాక్స్ మాత్రం వెంట పెట్టుకుని వెళ్లండి, అది ఉంటే అడిగిన వెంటనే చూపించవచ్చు.

శైలజమ్మా, ఇట్లాంటివి మీకూ వస్తాయి. చెక్‌లిస్టులో "తల్లి లేకపోతే ఆఫీసులో అడగాలి" అని ఒక లైను రాయండి. కరపత్రం చెప్పనిదాన్ని మనం పూరించకూడదు.

కవిత, కల్వకుర్తి

నేను టీచర్‌ని. ఎత్తి రాసిన తర్వాత ఎలా కుదించాలో నాకు తోచింది చెప్తాను. సంఘం గదిలో చదివేవాళ్లకు వాక్యాలకన్నా ప్రశ్నలు సులువు. ప్రతి షరతును "అవును" లేదా "కాదు" అని చెప్పగలిగే ప్రశ్నగా మార్చండి. దాని పక్కనే, ఆ జవాబును ఏ కాగితం రుజువు చేస్తుందో రాయండి. అర్హత ఒక పట్టిక, కాగితాలు ఇంకో పట్టిక అని విడదీస్తే ఏ కాగితం దేనికో తెలియదు. నరేష్ గారి కాగితంలో "ఆధార్ (వయసుకు, చిరునామాకు)" అని ఉంది చూడండి. నాలుగో ఫోటోలో వయసు లైను ఎదురుగా ఆధార్ లేదు. "పదో తరగతి మెమో లేదా పుట్టిన తేదీ ధ్రువీకరణ పత్రం" అని ఉంది.

ఇంకో మాట, "లేదా" అన్నచోట గీత గీసి పెట్టుకోండి. మా పిల్లల తల్లిదండ్రులు ఒకసారి "లేదా"ను చూసుకోక రెండు కాగితాలూ తేవడానికి రెండు రోజుల కూలి పోగొట్టుకున్నారు. "మరియు" ఉన్నచోట ఒక్కటే తెచ్చి వెనక్కి పోయినవాళ్లూ ఉన్నారు.

శైలజ, దేవరకొండ

కవిత మేడం, మీరు వయసు మాట ఎత్తగానే నాకు గుండె ఆగినంత పనైంది. వచ్చే నెల పెళ్లి అన్నాను కదా, ఆ అమ్మాయి గురించి ఇప్పుడే వాళ్లింటికి వెళ్లి చూసి వచ్చాను. ఆధార్‌లో పుట్టిన తేదీ 1-1-2007. టెన్త్ మెమోలో 14-8-2007. పెళ్లి 2025 మే 18న పెట్టుకున్నారు. ఆధార్ ప్రకారం 18 నిండాయి, మెమో ప్రకారం నిండలేదు. ఏది లెక్క?

నరేష్, మిర్యాలగూడ

ఆధార్ ఉంది కదా అక్కా. ఆన్‌లైన్‌లో ఆధార్ నంబరే కొడతాం. మెమో చూపించకుంటే సరి.

యాదగిరి, నల్గొండ

నరేష్, ఈ సలహా వెనక్కి తీసుకో. ఆధార్ మనిషి ఎవరో చెప్పడానికి ఉన్న కాగితం. అప్పట్లో చాలామందికి తేదీ గుర్తులేక ఏడాది ఒక్కటే చెప్తే జనవరి 1 అని పడింది. మన ఊళ్లలో ఎన్ని ఆధార్‌లు జనవరి 1వి ఉన్నాయో నీకే తెలుసు. కరపత్రం వయసుకు మెమో అడుగుతోంది. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మాయికి నిజంగా 17 ఏళ్లే. ఈ పెళ్లి ఇప్పుడు జరిగితే బాల్యవివాహం అవుతుంది. కాగితం దాచి చేసే పని కాదు ఇది.

మీరు నాలుగో ఫోటోలో వయసు లైను పూర్తిగా చదవండి: "వివాహ తేదీ నాటికి వధువుకు 18 సంవత్సరాలు నిండి ఉండాలి". నరేష్ కుదించినప్పుడు "వివాహ తేదీ నాటికి" అన్న ముక్క పోయింది. నేను చెప్పిన మూడో తప్పు ఇదే. అది పోతే చదివినవాళ్లు దరఖాస్తు రోజుకు 18 ఉంటే చాలనుకుంటారు. ఈ అమ్మాయి సెప్టెంబర్‌లో దరఖాస్తు పెడితే ఆ రోజుకు 18 ఉంటాయి, అయినా పెళ్లి మేలో జరిగింది కాబట్టి అర్హత ఉండదు. ఆ తర్వాత సరిదిద్దే దారి కూడా లేదు, పెళ్లి తేదీ మారదు కదా.

అందుకే ప్రతి షరతు పక్కన ఇంకో చిన్న గడి పెట్టండి: "ఏ రోజుకు?" వయసుకు పెళ్లి రోజు. ఆదాయానికి సర్టిఫికెట్ మీద ఉన్న తేదీ.

నరేష్, మిర్యాలగూడ

నా మాట తప్పు సార్, ఒప్పుకుంటున్నాను. పిల్ల వయసు సంగతి ఆలోచించలేదు. ఆధార్‌లో తేదీ సరిచేయించుకోవడానికి మెమో తీసుకుని కేంద్రానికి పంపండి అక్కా. లేకపోతే రెండు తేదీలు వేరుగా ఉన్నాయని రేపు ఇంకో చోట ఆగుతుంది.

శైలజ, దేవరకొండ

వాళ్లతో కూర్చుని మాట్లాడి వచ్చాను. మొదట అమ్మాయి తండ్రి కోపం చేశారు, ఫంక్షన్ హాలుకు అడ్వాన్స్ ఇచ్చామన్నారు. నోట్‌బుక్‌లో ఎత్తి రాసిన లైను చూపించి, మెమో పక్కన పెట్టి, వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి చూపించాను. వాళ్ల అమ్మ ముందు ఒప్పుకుంది. ఆగస్టు 14 దాటాక శ్రావణంలో ముహూర్తం చూస్తామన్నారు. అబ్బాయికి 23 ఏళ్లు, ఆయన మెమో కూడా చూశాను.

చెక్‌లిస్టు మళ్లీ రాశాను. దిద్దండి:

పెళ్లి రోజుకు అమ్మాయికి 18 నిండాయా? టెన్త్ మెమో లేదా పుట్టిన తేదీ ధ్రువీకరణ పత్రం, ఏదో ఒకటి.
అమ్మాయి తెలంగాణ నివాసేనా? ఆధార్.
ఏ కులం? మీసేవ నుంచి కులం సర్టిఫికెట్.
అమ్మానాన్నల ఏడాది ఆదాయం కలిపి ఎంత? ఎస్సీ, ఎస్టీ అయితే 2,00,000 దాటొద్దు. బీసీ, ఈబీసీ అయితే ఊళ్లో 1,50,000, పట్నంలో 2,00,000 దాటొద్దు. మీసేవ ఆదాయం సర్టిఫికెట్.
అమ్మాయికి ఇది మొదటి పెళ్లేనా? ఊళ్లో విచారణ చేసి ఇచ్చే కాగితం (ఎవరి సంతకమో అడగాలి).
ఇవి కాక: అమ్మాయి ఫోటో, అబ్బాయి ఆధార్, తల్లి ఆధార్, తల్లి పాస్‌బుక్ మొదటి పేజీ. తల్లి లేకపోతే ఆఫీసులో అడగాలి.
పెళ్లి పత్రిక, పెళ్లి ఫోటో: ఉంటే పెట్టవచ్చు.

యాదగిరి, నల్గొండ

చాలా బాగుంది. ఒకటి కలపండి: అన్ని కాగితాల్లో అమ్మాయి పేరు, తల్లి పేరు ఒకేలా ఉన్నాయా? మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, పాస్‌బుక్‌లో పొట్టి అక్షరం ఒక్కటి. ఇది కరపత్రంలో లేదు, నా అనుభవం. అందుకని దాన్ని గీత కింద వేరుగా "ముందే చూసుకోండి" అని రాయండి, షరతుల్లో కలపకండి.

కాగితం పూర్తయ్యాక మీరు ఫోటో చూసి గట్టిగా చదవండి, ఇంకొకరు చెక్‌లిస్టు చూస్తూ వినాలి. అంకెలు మాత్రం ఒక్కొక్కటి పలకండి. రాసినవాళ్ల కంటికి తమ తప్పు కనపడదు.

కవిత, కల్వకుర్తి

ఆరో ఫోటోలో వరుస సంఖ్యలు 5 తర్వాత 7 ఉన్నాయి. 6 ఏమైంది? మేకు గుచ్చిన చోట చిరిగిందా, ఫోటో అంచులో తెగిందా?

అలాగే మొదటి ఫోటో మూలలో బల్ల మీద ఎవరిదో ఆధార్ జిరాక్స్ కనిపిస్తోంది, నంబరు చదవవచ్చు. దయచేసి ఆ ఫోటో తీసేసి, మూల కత్తిరించి మళ్లీ పెట్టండి.

శైలజ, దేవరకొండ

అయ్యో, చూసుకోలేదు మేడం. తీసేశాను. 6వ లైను అంచులో తెగింది, అక్షరాల కింది సగం మాత్రమే ఉంది, "...లోపు" అన్న మాట ఒక్కటే కనిపిస్తోంది.

యాదగిరి, నల్గొండ

"లోపు" అంటే గడువో, పరిమితో అయ్యుంటుంది. అది లేకుండా చెక్‌లిస్టు అంటించవద్దు. మళ్లీ ఫోటో తీసేటప్పుడు కాగితాన్ని తలుపు దగ్గర వెలుతురులో బల్ల మీద పరచండి, అంచుల మీద పుస్తకాలు పెట్టండి. నున్నటి కాగితం కదా, ఫ్లాష్ వేస్తే అంకెల మీదే మెరుపు పడుతుంది. ముందు ఒక వైపు మొత్తం నాలుగు అంచులూ కనిపించేటట్టు ఒకటి, తర్వాత ఒక్కో రెక్క దగ్గరగా ఒకటి.

బాలస్వామి, అచ్చంపేట

ఆఫీసులో అడిగిన. మా దరఖాస్తు పాస్‌బుక్ జిరాక్స్ మసకగా ఉందని పక్కన పెట్టారంట. రేపు మళ్లీ ఇస్తున్నం. ఒక ప్రశ్న. మా పక్క ఊరు ఇప్పుడు మున్సిపాలిటీలో కలిసింది. అక్కడి బీసీలకు ఊరి లెక్కా, పట్నం లెక్కా?

యాదగిరి, నల్గొండ

మంచి ప్రశ్న అడిగారు. ఇది కరపత్రంలో లేదు, నా కాలంలో ఇట్లాంటి ఊరు నా దగ్గరికి రాలేదు. తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి.

రజియా, మహబూబ్‌నగర్

మా వార్డు కూడా అట్లాంటిదే. రేపు అమ్మ పాస్‌బుక్ సంగతి అడగడానికి వెళ్తున్నాను, ఇదీ అడుగుతాను. ఏం చెప్పారో ఇక్కడ రాస్తాను.

శైలజ, దేవరకొండ

నేను సోమవారం ఆఫీసుకు పోతున్నాను. 6వ లైను, సంతకం ఎవరిది, ఆదాయం అంకెలు, సాయం అంకె, ఈ నాలుగూ చేతి మీద రాసుకున్నాను.